టెక్సస్‌లో జ్యూరీ డ్యూటీ పడిందా? తేదీ వాయిదా వేయించుకోవడం ఎలా

టెక్సస్‌లో ఉండే మనవాళ్లకు సిటిజన్‌షిప్ వచ్చాక కొన్నాళ్లకు మెయిల్‌బాక్స్‌లో జ్యూరీ సమన్లు కనిపిస్తాయి. సరిగ్గా ఆ వారమే ప్రాజెక్టు గో-లైవ్ ఉంటుంది, లేదంటే సర్జరీ డేట్ ఫిక్సయి ఉంటుంది. "ఏం రాస్తే ఒప్పుకుంటారు? ఆఫీసు లెటర్ పెట్టాలా? డాక్టర్ సర్టిఫికెట్ కావాలా?" అని చాలామంది అడుగుతూనే ఉన్నారు. వాళ్లందరికీ ఒకేచోట సమాధానం దొరకాలని ఇది రాస్తున్నాను. ఇందులో చెప్పేది ముఖ్యంగా టెక్సస్ కౌంటీల్లోని జిల్లా, కౌంటీ కోర్టుల నుంచి వచ్చే సమన్ల గురించి. ఫెడరల్ కోర్టు సమన్ల సంగతి చివర్లో విడిగా చెప్తాను. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు మాత్రం తమ రాష్ట్రం నియమాలే చూసుకోవాలి.

ముందు అసలు విషయం చెప్పేస్తాను. టెక్సస్‌లో మొదటిసారి వాయిదా అడగడానికి బలమైన కారణం అక్కర్లేదు. టెక్సస్ గవర్నమెంట్ కోడ్ సెక్షన్ 62.0143 ప్రకారం రెండు షరతులు కుదిరితే చాలు, క్లర్క్ వాయిదా ఇచ్చి తీరాలి. ఒకటి, మీరు హాజరు కావాల్సిన తేదీకి ముందు ఏడాదిలో అదే కౌంటీలో మీకు వాయిదా ఇచ్చి ఉండకూడదు. రెండు, మొదటి తేదీ నుంచి ఆరు నెలల లోపు ఇంకో తేదీకి వస్తానని మీరూ క్లర్కూ కలిసి ఖాయం చేసుకోవాలి. అంతే. ఆఫీసు పని ఎంత ముఖ్యమో, ఒంట్లో ఎలా ఉందో పేజీల కొద్దీ రాయాల్సిన పనిలేదు. అందుకే శ్రమంతా కారణం రాయడం మీద కాకుండా, సరైన పెట్టెలో టిక్ పెట్టడం మీద, సరైన కొత్త తేదీ ఎంచుకోవడం మీద పెట్టండి. మనవాళ్లు పొరపాటు పడేది ఎక్కువగా ఈ రెండు చోట్లే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- సమన్ల కాగితం. దాని మీద జ్యూరర్ నంబరు, హాజరు తేదీ, కోర్టు పేరు, క్లర్క్ ఆఫీసు ఫోన్ నంబరు ఉంటాయి. పారేయకండి. ముందూ వెనకా ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి.
- రాబోయే ఆరు నెలల క్యాలెండర్. ఆఫీసుదీ, ఇంటిదీ, పిల్లల స్కూలుదీ మూడూ ఉంటే మంచిది.
- సమస్య ఆరోగ్యానిదైతే, అది ఎన్నాళ్లుంటుందని డాక్టర్ చెప్పారో ఆ అంచనా. కాగితం ఇప్పుడే అక్కర్లేదు, అంచనా ఉంటే చాలు.
- గత ఏడాదిలో ఇదే కౌంటీలో వాయిదా తీసుకున్నారా అన్నది గుర్తు చేసుకోండి. పాత మెయిల్స్‌లో వెతికితే దొరుకుతుంది.

1. ఎవరు పిలిచారో చూడండి

కాగితం పైన కోర్టు పేరు ఉంటుంది. కౌంటీ పేరు, జిల్లా క్లర్క్ పేరు ఉంటే ఈ వ్యాసంలో చెప్పేది మీకు పనికొస్తుంది. "యునైటెడ్ స్టేట్స్ డిస్ట్రిక్ట్ కోర్ట్" అని ఉంటే అది ఫెడరల్, చివరి భాగానికి వెళ్లండి. సిటీ మున్సిపల్ కోర్టు నుంచో, జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టు నుంచో కూడా సమన్లు రావచ్చు. అలాంటప్పుడు కౌంటీ జ్యూరీ ఆఫీసుకు ఫోన్ చేస్తే లాభం ఉండదు, కాగితం మీద ఉన్న నంబరుకే చేయాలి.

సమన్లు కాగితం రూపంలో వస్తాయి. ఎవరో ఫోన్ చేసి "మీరు జ్యూరీ డ్యూటీకి రాలేదు, వారెంట్ ఉంది, ఇప్పుడే డబ్బు కట్టండి" అంటే అది మోసం. కోర్టులు ఫోన్‌లో కార్డు నంబర్లు, గిఫ్ట్ కార్డులు అడగవు. పెట్టేసి, సమన్ల మీదున్న నంబరుకు మీరే ఫోన్ చేసి కనుక్కోండి.

2. మీది వాయిదానా, మినహాయింపా, అనర్హతా తేల్చుకోండి

ఈ మెట్టు దగ్గర కాస్త ఆగండి. సమన్ల ఫారంలోనూ, కౌంటీ వెబ్‌సైట్‌లోనూ మూడు దారులు కనిపిస్తాయి. మూడూ ఒకటే అనుకుని ఏదో ఒకటి టిక్ చేసేస్తారు. తర్వాత అది పెద్ద తలనొప్పి అవుతుంది.

అనర్హత అంటే చట్టం ప్రకారం మీరు జ్యూరర్ కాలేరని. అమెరికా పౌరులు కాకపోవడం, ఆ కౌంటీలో నివాసం లేకపోవడం, 18 ఏళ్లు నిండకపోవడం లాంటివి ఇందులోకి వస్తాయి. మీరు హెచ్1బీ మీదో, గ్రీన్‌కార్డు మీదో ఉంటే సమన్లు పొరపాటున వచ్చినట్టే. అప్పుడు వాయిదా అడగకూడదు. వాయిదా అడిగితే "తర్వాత వస్తాను" అని ఒప్పుకున్నట్టు అవుతుంది. పౌరుణ్ని కాదు అన్న చోటే టిక్ పెట్టి, సంతకం చేసి పంపండి. పౌరులు కానివాళ్లు పౌరులమని ఎక్కడైనా సంతకం పెడితే ఇమిగ్రేషన్‌లో చాలా తీవ్రంగా తీసుకుంటారు. కాబట్టి ప్రతి గడీ చదివి నింపండి.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది, అది ఇంకా ప్రమాదం. సిటిజన్‌షిప్ వచ్చినవాళ్లు తప్పించుకోవడానికి సులువని "నాన్ సిటిజన్" అని టిక్ పెట్టడం. టెక్సస్‌లో పౌరులు కారని చెప్పి తప్పుకున్నవాళ్ల పేర్లు క్లర్క్ జాబితా కట్టి, ఓటర్ల నమోదు అధికారికి పంపాలని చట్టంలోనే ఉంది. అక్కడి నుంచి మీ ఓటు మీద ప్రశ్నలు మొదలవుతాయి. పైగా అబద్ధపు కారణంతో తప్పుకుంటే 100 నుంచి 1,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. దయచేసి ఎవరు సలహా ఇచ్చినా ఈ పని చేయకండి.

మినహాయింపు అంటే మీకు అర్హత ఉంది, అయినా కావాలంటే తప్పుకునే హక్కు చట్టం ఇచ్చింది అని. మన ఇళ్లలో ఎక్కువగా పనికొచ్చేవి ఇవి: వయసు 75 దాటడం, 12 ఏళ్ల లోపు బిడ్డ మీ సంరక్షణలో ఉండి, మీరు కోర్టుకు వెళ్తే ఆ బిడ్డను చూసేవాళ్లు లేకపోవడం, తమ పని తాము చేసుకోలేని మనిషికి మీరే ప్రధానంగా సేవ చేస్తూ ఉండటం, హైస్కూల్లోనో కాలేజీలోనో చదువుతూ ఉండటం. మంచాన పడిన అత్తగారిని ఇంట్లో మీరే చూసుకుంటుంటే అది మినహాయింపు కిందికి వస్తుంది, వాయిదాతో పనిలేదు. కానీ చిన్నపిల్ల ఉంది, పగలంతా డేకేర్‌కు వెళ్తోంది అంటే "చూసేవాళ్లు లేరు" అని చెప్పడం నిజం కాదు. అక్కడ వాయిదాయే సరైన దారి.

ఇక వాయిదా. వస్తాను, కానీ ఆ రోజు కుదరదు అని. ఆఫీసు పని, కొన్ని వారాల్లో తగ్గే అనారోగ్యం, ముందే కొన్న టికెట్లు అన్నీ దీనికిందికే వస్తాయి.

3. ఆఫీసు కారణమైతే ఇది తెలుసుకోండి

"నేను లేకపోతే టీమ్‌కు నష్టం", "నాకు జీతం పోతుంది" అని రాసి పూర్తిగా తప్పుకోవచ్చని చాలామంది అనుకుంటారు. టెక్సస్‌లో అలా కుదరదు. డబ్బు నష్టమనే కారణంతో ఎవరినైనా జ్యూరీ నుంచి వదిలేయాలంటే, ఆ కేసులోని అన్ని పక్షాలూ ఎదుట ఉండి ఒప్పుకోవాలని సెక్షన్ 62.110 చెప్తుంది. సమన్లు వచ్చే నాటికి మీ కేసేదో కూడా తెలియదు కాబట్టి, ఇంట్లో కూర్చుని ఉత్తరం రాసి ఈ కారణంతో బయటపడటం జరగదు. అలాంటి ఉత్తరం పంపి జవాబు కోసం చూస్తూ కూర్చుంటే హాజరు తేదీ దాటిపోతుంది. నష్టమంతా అక్కడే.

అందుకే ఆఫీసు కారణానికి వాయిదాయే మార్గం. మొదటి వాయిదాకు మేనేజర్ లెటర్ అక్కర్లేదు. అడగాల్సింది మీరు, మీ కంపెనీ కాదు. అయితే మేనేజర్‌కు సమన్ల ఫోటో ముందే పంపండి, కొత్త తేదీ ఎంచుకునేటప్పుడు ఒక మాట అడగండి. జ్యూరీ సేవ చేసినందుకు ఉద్యోగంలోంచి తీసేయడం టెక్సస్ చట్టం ప్రకారం తప్పు. ఆ రోజులకు జీతం ఇవ్వాలన్న నిర్బంధం మాత్రం ప్రైవేటు కంపెనీలకు లేదు, కాబట్టి మీ కంపెనీ పాలసీ ఏమిటో హెచ్‌ఆర్‌ని అడగండి. కోర్టు ఇచ్చేది మొదటి రోజుకు 20 డాలర్లు, ఆ తర్వాత రోజుకు 58 డాలర్లు.

4. ఆరోగ్య కారణమైతే ఎన్నాళ్లన్నదే ముఖ్యం

ఆరు నెలల్లో తేలిపోయే సమస్య అయితే, అంటే సర్జరీ, కాన్పు, విరిగిన కాలు లాంటివైతే, మామూలు వాయిదా తీసుకోండి. డాక్టర్ కాగితం లేకుండానే వస్తుంది. మీ జబ్బు వివరాలు కోర్టు ఫైల్లోకి ఎక్కాల్సిన పనీ ఉండదు.

ఎక్కువకాలం ఉండే సమస్యకు వాయిదా పనికిరాదు. ఆరు నెలల తర్వాత కూడా అదే పరిస్థితి ఉంటే మళ్లీ మొదటికొస్తుంది. దానికి సెక్షన్ 62.109 కింద శారీరక, మానసిక ఇబ్బంది వల్ల మినహాయింపు అడగాలి. కొంతకాలానికైనా, శాశ్వతంగానైనా ఇవ్వొచ్చు, నిర్ణయం జడ్జిది. దీనికి మీ పేరు, చిరునామా, కారణం, ఎన్నాళ్లకు కావాలో రాసిన అఫిడవిట్ కావాలి, దానికి డాక్టర్ స్టేట్‌మెంట్ జతచేయాలి. చాలా కౌంటీల్లో దీనికి ఫారం ఉంటుంది, క్లర్క్ ఆఫీసును అడిగి తీసుకోండి. నోటరీ కావాలో వద్దో ఆ ఫారం మీదే చూసుకోండి.

డాక్టర్ స్టేట్‌మెంట్ ఎందుకు తిరిగొస్తుందో చెప్తాను. డాక్టర్లు మామూలుగా "ఈ పేషెంట్ నా దగ్గర చికిత్స పొందుతున్నారు" అని ఒక్క వాక్యం రాసి ఇచ్చేస్తారు. దాన్ని బట్టి జడ్జి ఏమీ తేల్చుకోలేరు. జ్యూరీలో కూర్చోవడానికీ మీ సమస్యకూ సంబంధం ఏమిటో అందులో ఉండాలి. డాక్టర్ ఆఫీసుకు ఈ నాలుగు విషయాలు రాసి ఇవ్వండి, వాళ్లు తమ లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో రాస్తారు:

- పేషెంట్ పూర్తి పేరు, సమన్ల మీద ఉన్నట్టే.
- ఈ పేషెంట్ జ్యూరీ సేవ చేయడం అసాధ్యం, లేదా చాలా కష్టం అన్న మాట నేరుగా.
- ఎందుకు చేయలేరో పని పరంగా ఒక వాక్యం. ఉదాహరణకు, అరగంట మించి కూర్చోలేరు, వారానికి మూడు రోజులు డయాలసిస్ ఉంటుంది, మందుల వల్ల ఏకాగ్రత నిలవదు.
- ఎప్పటిదాకా. ఫలానా తేదీ వరకు, లేదా శాశ్వతంగా.

కింద సంతకం, తేదీ ఉన్నాయో లేదో అక్కడే చూసుకుని తీసుకోండి. జబ్బు చరిత్ర మొత్తం, టెస్ట్ రిపోర్టులు జతచేయకండి. ఎవరూ అడగలేదు, పైగా అవి మీ సొంత విషయాలు.

ఇదే సెక్షన్ మన పెద్దవాళ్లకు ఇంకో రకంగా ఉపయోగపడుతుంది. వయసు, గ్రీన్‌కార్డు మీద గడిపిన ఏళ్లు కలిసొచ్చి, తెలుగులోనే ఇంటర్వ్యూ ఇచ్చి పౌరులైన అమ్మానాన్నలు చాలామంది ఉన్నారు. వాళ్లకు 75 నిండకపోయినా, ఇంగ్లీషు అర్థం చేసుకోలేకపోవడం, మాట్లాడలేకపోవడం అన్న కారణంతో ఈ మినహాయింపు అడగొచ్చు. దానికి డాక్టర్ కాగితం అక్కర్లేదు, అఫిడవిట్ చాలు. ఫారం నింపడంలో పిల్లలు సాయం చేయండి, కానీ ఏం రాశారో వాళ్లకు తెలుగులో చదివి వినిపించాకే సంతకం పెట్టించండి.

5. కొత్త తేదీ ఎంచుకోండి

రెండోసారి వాయిదా కావాలంటే సంగతి పూర్తిగా మారిపోతుంది. ముందుగా ఊహించలేని అత్యవసరం ఉంటేనే ఇస్తారు. ఇంట్లో మరణం, హఠాత్తుగా వచ్చిన తీవ్ర అనారోగ్యం, ప్రకృతి విపత్తు లాంటివి. "మళ్లీ రిలీజ్ వచ్చింది" అన్నది అందులోకి రాదు. అంటే మీరు ఇప్పుడు ఎంచుకునే తేదీ దాదాపు ఖాయమైనట్టే. అందుకే క్యాలెండర్ ముందు పెట్టుకుని ఎంచుకోమంటున్నాను.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సుజాత అనే ఆవిడకు 2026 మార్చి 9, సోమవారం రమ్మని కౌంటీ సమన్లు వచ్చాయి అనుకుందాం. ఆ వారం ఆఫీసులో ఆవిడ సిస్టమ్ మార్పిడి ఉంది, దాని తర్వాత రెండు వారాలు సపోర్ట్. భర్తకు ఏప్రిల్ మొదటి వారంలో మోకాలి సర్జరీ. జూన్, జూలైల్లో ఇండియా ప్రయాణం, టికెట్లు కొనేశారు. ఆగస్టులో పిల్లల స్కూలు తెరుస్తారు.

ఆరు నెలల గడువు సెప్టెంబరు 9తో ముగుస్తుంది. ఇక్కడ ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన, వీలైనంత దూరం జరిపి సెప్టెంబరు మొదటి వారం పెట్టుకుందాం అని. నేనైతే వద్దంటాను. గడువు చివరి వారంలో కోర్టుకు జ్యూరర్లు అవసరం లేకపోతే, ఆ వారంలో తేదీయే దొరకదు. పైగా సెప్టెంబరులో ఆఫీసులో ఏం జరుగుతుందో మార్చిలో ఎవరికీ తెలియదు. సుజాతకు బాగా కనిపించే వారాలు రెండే. ఏప్రిల్ 20తో మొదలయ్యే వారం, మే మొదటి వారం. అప్పటికి సిస్టమ్ మార్పిడి ముగుస్తుంది, భర్త నడవగలుగుతాడు, ప్రయాణానికి ఇంకా సమయం ఉంటుంది. ఏప్రిల్ 20 మొదట అడిగి, అది లేదంటే మే అడుగుతుంది.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కేసుకు ఎంపికైతే ఒక్క రోజుతో పోదు. అందుకని కొత్త తేదీ తర్వాతి వారం కూడా కాస్త ఖాళీగా ఉండేలా చూసుకోండి. శుక్రవారం ఫ్లైట్ పెట్టుకుని సోమవారం తేదీ ఎంచుకుంటే, జ్యూరీలో కూర్చున్నాక బయటపడటం చాలా కష్టం.

6. అడగండి, హాజరు తేదీకి ముందే

స్వయంగా వెళ్లి, ఉత్తరం రాసి, లేదా ఫోన్ చేసి అడగొచ్చు. చాలా కౌంటీల్లో వెబ్‌సైట్‌లో జ్యూరర్ నంబరుతో లాగిన్ అయి అడిగే వీలు కూడా ఉంది. ఆన్‌లైన్ ఉంటే అదే మేలు, ఎందుకంటే ఖాళీ తేదీలు మీ కళ్లకే కనిపిస్తాయి, రసీదు అక్కడే వస్తుంది. ఫోన్ రెండో మేలు. ఉత్తరం ఆఖరి మార్గంగా ఉంచుకోండి. అది చేరిందో లేదో తెలియదు, జవాబు రాకముందే తేదీ వచ్చేస్తుంది. ఉత్తరమే పంపాల్సి వస్తే కనీసం రెండు వారాలు ముందుగా పంపి, వారం తర్వాత ఫోన్ చేసి అందిందా అని అడగండి.

ఫోన్‌లో గానీ, ఉత్తరంలో గానీ చెప్పాల్సింది ఇంతే. "నా జ్యూరర్ నంబరు ఇది. ఫలానా తేదీకి సమన్లు వచ్చాయి. గత ఏడాదిలో ఈ కౌంటీలో వాయిదా తీసుకోలేదు. ఫలానా తేదీకి మార్చండి, అది కుదరకపోతే ఫలానా తేదీ." కారణం అడిగితే "ఆఫీసు పని" అనో, "వైద్య చికిత్స" అనో ఒక్క మాట చాలు. కథ చెప్పడం మొదలుపెడితే, విన్న క్లర్క్ దాన్ని మినహాయింపు అడుగుతున్నారనుకుని వేరే ఫారం పంపే అవకాశం ఉంది.

గత ఏడాదిలో ఒకసారి వాయిదా తీసుకుని ఉంటే దాచకండి, వాళ్ల దగ్గర రికార్డు ఉంటుంది. అప్పుడు మీ అత్యవసరం ఏమిటో నిజంగా వివరించి, కాగితాలు జతచేసి అడగాలి. కౌంటీ మారి ఉంటే మాత్రం పాత కౌంటీలో తీసుకున్న వాయిదా లెక్కలోకి రాదు.

7. వాయిదా వచ్చిందో లేదో ఖాయం చేసుకోండి

అడిగాం కాబట్టి అయిపోయిందని వదిలేయకండి. అడగడం వేరు, రావడం వేరు. కొత్త తేదీ మీకు రాతపూర్వకంగా కనిపించే వరకు పాత తేదీయే అమల్లో ఉన్నట్టు లెక్క.

ఇలా చూసుకోండి. ఆన్‌లైన్‌లో చేస్తే, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. కొత్త తేదీ కనిపించాలి. "రిక్వెస్ట్ అందింది" అన్న సందేశం సరిపోదు, అది మధ్యలోనే ఆగిపోయి ఉండొచ్చు. తేదీ కనిపించే పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఫోన్‌లో చేస్తే, మాట్లాడినవాళ్ల పేరు, రోజు, వాళ్లు చెప్పిన కొత్త తేదీ రాసుకుని, ఈమెయిల్‌లో గానీ పోస్టులో గానీ ఖాయం పంపమని అడగండి. పాత తేదీకి మూడు రోజుల ముందు కూడా ఏ జవాబూ రాకపోతే మళ్లీ ఫోన్ చేయండి. అప్పటికీ తేలకపోతే పాత తేదీకే వెళ్లండి. అక్కడ బల్ల దగ్గర సంగతి చెప్తే, ఇంట్లో కూర్చున్నదానికంటే చాలా సులువుగా పరిష్కారం దొరుకుతుంది.

కొత్త తేదీ దగ్గరపడ్డాక కొత్తగా సమన్లు వస్తాయని ఎదురుచూడకండి. కొన్నిచోట్ల గుర్తుచేసే కార్డు పంపుతారు, కొన్నిచోట్ల ఏమీ రాదు. తేదీ ఖాయమైన రోజే ఫోన్ క్యాలెండర్‌లో రెండు అలారాలు పెట్టుకోండి, ఒకటి రెండు వారాల ముందు, ఇంకొకటి ముందురోజు సాయంత్రం. ముందురోజు సాయంత్రం కౌంటీ వెబ్‌సైట్ గానీ, జ్యూరీ ఫోన్ లైన్ గానీ చూడండి. కేసులు రాజీ అయిపోయి, మరుసటి రోజు రావక్కర్లేదని ప్రకటించడం తరచూ జరుగుతుంది.

ఆ రోజే ఇబ్బంది వస్తే

పొద్దున్నే జ్వరం వచ్చింది, లేదా ఇంట్లో ఎవరినో ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది అనుకోండి. క్లర్క్ ఆఫీసు తెరవగానే ఫోన్ చేయండి. మెసేజ్ వదిలితే సరిపోదు, మనిషితో మాట్లాడే వరకు ప్రయత్నించండి. తర్వాత డాక్టర్ దగ్గరి కాగితం, ఆస్పత్రి కాగితం దాచుకోండి.

కోర్టుకు వెళ్లాక సమస్య గుర్తొస్తే, జడ్జి జ్యూరర్లందరినీ కలిపి ఎవరికైనా ఇబ్బందులున్నాయా అని అడిగినప్పుడు చెప్పండి. ఆరోగ్య విషయం నలుగురి ముందు చెప్పడం ఇష్టం లేకపోతే, బెంచి దగ్గరకు వచ్చి చెప్పొచ్చా అని అడగండి, జడ్జి పిలుస్తారు. కేసుకు ఎంపికయ్యి ప్రమాణం చేశాక ఇక వాయిదా ఉండదు. కాబట్టి చెప్పాల్సింది ఏదైనా అంతకుముందే చెప్పేయాలి.

తేదీ దాటిపోతే

ఊళ్లో లేరు, మెయిల్ చూసుకోలేదు, తిరిగొచ్చేసరికి తేదీ అయిపోయింది అనుకోండి. సరైన కారణం లేకుండా రాకపోతే కూడా 100 నుంచి 1,000 డాలర్ల జరిమానాకు వీలుంది. కానీ భయపడి ఊరుకోవడమే అన్నిటికన్నా చెడ్డది. అదే రోజు క్లర్క్‌కు ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పి, కొత్త తేదీ ఇవ్వమని అడగండి. బోర్డింగ్ పాస్ లాంటి రుజువు ఉంటే ఉంచుకోండి. ఎక్కువకాలం ఊరికి వెళ్లేటప్పుడు మెయిల్ తీసేవాళ్లకు ఒక మాట చెప్పి వెళ్లండి, కోర్టు పేరుతో వచ్చే కవరు ఏదైనా ఉంటే ఫోటో పంపమని.

ఫెడరల్ కోర్టు పిలిస్తే

ఇక్కడ టెక్సస్ చట్టంలోని ఆరు నెలల హక్కు వర్తించదు. ఫెడరల్ చట్టంలో వాడే మాట వేరు, మితిమీరిన కష్టం లేదా తీవ్రమైన అసౌకర్యం ఉంటే తాత్కాలికంగా వదిలేయొచ్చని. అది ఇచ్చేది కోర్టు, మీరు హక్కుగా అడిగేది కాదు. కాబట్టి కౌంటీకి చెప్పినట్టు ఒక్క మాటలో సరిపెట్టకండి. కారణం, తేదీలు, రుజువు, మళ్లీ ఎప్పుడు రాగలరో అన్నీ ఇవ్వాలి. ఆఫీసు కారణమైతే ఇక్కడ మేనేజర్ లెటర్ పనికొస్తుంది. "ఈయన లేకపోతే కష్టం" అని కాకుండా, "మార్చి 9 నుంచి 27 దాకా ఈ పని ఈయనే చేయాలి, ఏప్రిల్ 13 తర్వాత ఎప్పుడైనా సిద్ధం" అన్నట్టు తేదీలతో ఉండాలి. ఆరోగ్య కారణమైతే పైన చెప్పిన నాలుగు విషయాల డాక్టర్ స్టేట్‌మెంటే పంపండి.

ముందుగా ప్రశ్నాపత్రం వస్తుంది, దానికి జవాబిచ్చిన చాలాకాలం తర్వాత సమన్లు రావచ్చు. ప్రశ్నాపత్రం పంపేశాం కదా అని సమన్లను పక్కన పెట్టకండి, అవి రెండు వేర్వేరు కాగితాలు. సమన్లు వచ్చాక సరైన కారణం చూపకుండా వెళ్లకపోతే 1,000 డాలర్ల దాకా జరిమానా, మూడు రోజుల దాకా జైలు, సమాజ సేవ, వీటిలో ఏదైనా లేదా అన్నీ కలిపి విధించే అధికారం కోర్టుకు ఉంది. ఇంకొకటి, గ్రాండ్ జ్యూరీ సమన్లేమో చూసుకోండి. అది ఒక కేసుతో అయిపోదు, నెలల తరబడి అప్పుడప్పుడూ వెళ్తూ ఉండాలి. ఆఫీసుతో మాట్లాడేటప్పుడు ఆ తేడా ముందే చెప్పండి. వాయిదా అడిగేటప్పుడు కూడా ఒక్క వారం కాకుండా, మొత్తం ఆ నెలలన్నిటిలో మీకున్న అడ్డంకులు తేదీలతో రాసి పంపండి.